ఆదివారం ట్యాంకు కడుగుతున్నాం: నీళ్లు వదిలాక కుళాయి మొరాయిస్తే ఏం చేయాలి

ఫ్లాట్ల వాళ్లందరికీ. వచ్చే ఆదివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా నీళ్లు బంద్. కింద సంపు, పైన 10,000 లీటర్ల ట్యాంకు రెండూ కడిగిస్తున్నాం. మున్సిపల్ నీళ్లు రాని రోజు చూసే ఆదివారం పెట్టాం. శనివారం రాత్రి మోటారు వేయం, ట్యాంకులో ఉన్నదాన్ని వాడుకుని అడుగంటించండి, ఎందుకంటే ఒంగోలులో నిండు ట్యాంకు మురిక్కాలవలోకి వదిలితే చూస్తూ ఊరుకునేవాళ్లు ఎవరూ లేరు. బకెట్లు, బిందెలు ఆ రాత్రే నింపి పెట్టుకోండి.

నాకు ఫోన్లు వచ్చేది ట్యాంకు కడిగేటప్పుడు కాదు, సాయంత్రం నీళ్లు వదిలాక. అందుకే ఏ లక్షణానికి ఏం చేయాలో ముందే రాస్తున్నా.

సమస్య: కింద ఫ్లాట్లకు నీళ్లొచ్చాయి, అయిదో అంతస్తులో చుక్క లేదు

కారణం: పైపులో గాలి ఇరుక్కుంది. కింద ఫ్లాటుకు నీటి ఎత్తు 15 మీటర్ల పైనే ఉంటుంది కాబట్టి ఆ బరువుకు గాలి దానంతటదే బయటికి పోతుంది. అయిదో అంతస్తు కుళాయికి, ట్యాంకుకు మధ్య ఎత్తు మూడు మీటర్లే, ఆ కాస్త ఒత్తిడి గాలిని నెట్టలేదు. అసలు గాలి ఎలా చేరిందంటే, మనమే చేరనిచ్చాం. కడిగే ముందు డాబా మీద గేటు వాల్వులు కట్టేస్తాం, అప్పటికి పైపుల నిండా నీళ్లుంటాయి. మధ్యాహ్నం "వచ్చాయేమో" అని కింద ఎవరో కుళాయి తిప్పుతారు, పైపులో ఉన్నది కాస్తా దిగిపోతుంది, ఆ ఖాళీలోకి గాలి దూరుతుంది. కింద తిప్పినందుకు పైవాళ్లు ఇబ్బంది పడతారు.

పరిష్కారం: 4 దాటేదాకా ఏ కుళాయీ ముట్టుకోవద్దు. గ్రూపులో నేను మెసేజ్ పెట్టాక పైవాళ్లు ముందు బాత్రూం కింది కుళాయి పూర్తిగా తిప్పి, మిగతావన్నీ కట్టేయండి. కిందివాళ్లు ఆ పది నిమిషాలు ఓపిక పట్టండి, మీరు కూడా తిప్పితే పైన ఉన్న కొద్ది ఒత్తిడీ పోతుంది. ఇక చెవి పెట్టి వినండి. బుస్సుమని, గళగళమని శబ్దం వస్తుంటే గాలి పోతోందని అర్థం, అలా వదిలేయండి. శబ్దం లేదు, నీళ్లూ లేవు అంటే గాలి గట్టిగా ఇరుక్కుంది, లేదా ఆ లైను వాల్వు ఇంకా తెరవలేదు, నాకు చెప్పండి.

పోయినసారి 502 వాళ్లకు రాత్రయినా బాత్రూంలో నీళ్లు రాలేదు, వంటింట్లో మాత్రం వచ్చాయి. ప్లంబర్ గీజర్ మార్చాలన్నాడు. తీరా డాబా ఎక్కి చూస్తే ఆ లైనుకు వాల్వు తర్వాత నిలువుగా లేచే సన్నటి గాలి పైపు ఉంది చూశారా, దాని మూతికి ఎండ్ క్యాప్ బిగించి ఉంది. పైపు ట్యాంకు నీటిమట్టం కంటే పొట్టిగా ఉండడంతో ట్యాంకు నిండినప్పుడల్లా కారుతోందని ఎవరో మూసేశారు. కారడం ఆగింది, గాలి పోయే దారీ ఆగింది. క్యాప్ తీయగానే ఫుస్సుమని గాలి పోయి కింద నీళ్లొచ్చేశాయి. ఇప్పుడు ఆ పైపును ట్యాంకు పైమట్టం దాటించి, మూతి కిందికి వంచి జాలీ కట్టించాం. దయచేసి మళ్లీ ఎవరూ మూయకండి.

సమస్య: వేడి నీళ్ల కుళాయి ఉమ్మినట్టు ఆగి ఆగి వస్తోంది

గీజర్‌లో నీళ్లు తగ్గాయి. శనివారం రాత్రే స్విచ్ ఆపేయండి. వేడి నీళ్ల కుళాయి నుంచి తెగకుండా ధార వచ్చేదాకా వేయకండి, నీళ్లు లేకుండా కాలితే లోపల కాయిల్ పోతుంది.

సమస్య: నీళ్లు వస్తున్నాయి కానీ దారంలా

మన బోరు నీళ్లకు పైపుల లోపల తెల్లటి ఉప్పు పెంకు కడుతుంది. పైపు ఆరి మళ్లీ నిండినప్పుడు అది ఊడి కుళాయి చివరి జాలీలో ఇరుక్కుంటుంది. జాలీ విప్పి పాత టూత్‌బ్రష్‌తో కడిగితే చాలు. వాషింగ్ మెషీన్ వెనుక పైపు కలిసే చోట కూడా అలాంటి జాలీయే ఉంటుంది, అది చూడకుండా మెకానిక్‌ను పిలిచి డబ్బులు పోగొట్టుకోకండి.

సమస్య: బ్లీచింగ్ వాసన

గోడలు బ్లీచింగ్‌తో తోమి కడిగాక, నింపే నీళ్లలో కూడా కొద్దిగా బ్లీచింగ్ పౌడర్ కలుపుతాం. 10,000 లీటర్లకు మంచి పౌడర్ 30 గ్రాములు, లీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ పడుతుంది. మామూలు వాసన అయితే బకెట్ మూత తీసి కాసేపు ఉంచితే పోతుంది. కళ్లు మండేంత ఘాటుగా ఉంటే మాత్రం గోడల మీది బ్లీచింగ్ సరిగా కడగలేదని అర్థం, ఆ నీళ్లు వాడకుండా వెంటనే నాకు ఫోన్ చేయండి, ట్యాంకు ఖాళీ చేయించి మళ్లీ కడిగిస్తాం. మొదటి రెండు బకెట్లు మట్టిరంగులో వస్తే బాత్రూంలో పారబోయండి, ఆర్వో మెషీన్‌లోకి మాత్రం వదలకండి.

ఊరెళ్తున్నవాళ్లు తలుపు వేసేముందు కుళాయిలన్నీ కట్టి ఉన్నాయో లేదో చూసి, ఫ్లాటు మెయిన్ వాల్వు కూడా కట్టేసి వెళ్లండి.