పల్లీ పడనివాళ్ళకి ప్రోటీన్ లెక్క – 3వ పాఠం: పల్లీ తీసేస్తే ఎంత పోయినట్టు?

పోయిన పాఠంలో మీ బరువుని 1.6తో గుణించి, రోజుకి ఎన్ని గ్రాముల ప్రోటీన్ కావాలో ఒక కాగితం మీద రాసుకోమన్నాను కదా, ఈసారి ఆ కాగితాన్ని పల్లీ లేకుండా నింపుదాం. లెక్క కోసం ఒక కుర్రాణ్ణి అనుకుందాం. బరువు 65 కిలోలు, హైదరాబాద్‌లో హాస్టల్, మెస్ భోజనం, సాయంత్రం 7 గంటలకి జిమ్. చికెన్, గుడ్లు, పాలు, పప్పులు అన్నీ పడతాయి, పల్లీ ఒక్కటే పడదు, అది కూడా అనుమానం కాదు, డాక్టర్ ఖాయం చేసిన అలర్జీ. ఇతనికి రోజుకి కావలసింది 104 గ్రాములు.

జిమ్‌లో చేరిన మొదటి వారమే ఎవరో ఒకరు చెప్తారు: రెండు స్పూన్ల పీనట్ బటర్ తిను, సాయంత్రం ఒక గుప్పెడు పల్లీలు తిను, ప్రోటీన్ అదే వస్తుందని. అది తినలేనివాడికి అక్కడే టెన్షన్ మొదలవుతుంది. కానీ లెక్క వేసి చూడండి. రెండు పెద్ద స్పూన్ల పీనట్ బటర్‌లో ఉండేది 7, 8 గ్రాముల ప్రోటీన్, గుప్పెడు పల్లీల్లో, అంటే 30 గ్రాముల్లో, ఇంకో 7 లేదా 8. రెండూ కలిపినా 15 గ్రాములు, దానికోసం 350 పైచిలుకు కేలరీలు తినాలి, ఎందుకంటే పల్లీలో ప్రోటీన్ కంటే కొవ్వే ఎక్కువ. అదే 15 గ్రాములు 70 గ్రాముల పచ్చి చికెన్‌లో వస్తాయి, లేదా 30 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో వస్తాయి. నన్నడిగితే జిమ్ చేసేవాడికి పల్లీ పోవడం ప్రోటీన్ లెక్కలో చాలా చిన్న నష్టం. అసలు చిక్కు వేరే ఉంది, దానికి తర్వాత వస్తాను.

ముందు మెస్ ఇచ్చేదెంతో చూద్దాం. పొద్దున నాలుగు ఇడ్లీలు, సాంబారు కలిపి దాదాపు 10 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, ఒక కప్పు పప్పు, పెరుగు కలిపి 19. రాత్రి మూడు చపాతీలు, పప్పు కలిపి 14. మొత్తం 43 అనుకోండి. మెస్ పప్పు నీళ్ళలా ఉంటే ఇంకో నాలుగైదు తగ్గించుకోండి, కప్పు నిండిందని మురిసిపోవద్దు. అంటే ఇంకా 61 గ్రాములు అతను సొంతంగా సమకూర్చుకోవాలి.

పొద్దున మూడు ఉడికించిన గుడ్లు, ఒక గ్లాసు పాలు: 18కి 8 కలిపితే 26. జిమ్‌కి వెళ్ళేముందు 50 గ్రాముల వేయించిన శనగలు: 10. మిగిలిన 25 రాత్రికి. చికెన్ వండుకునే రోజు 120 గ్రాముల పచ్చి బోన్‌లెస్ ముక్కలు చాలు, అది కుదరని రోజు 50 గ్రాముల మీల్ మేకర్, అదీ కుదరకపోతే ఒక స్కూప్ వే ప్రోటీన్. 104 వచ్చేసింది, ఎక్కడా పల్లీ అవసరం రాలేదు. గుడ్డు పడనివాళ్ళు ఆ మూడు గుడ్ల స్థానంలో 100 గ్రాముల పనీర్ పెట్టుకుంటే లెక్క సరిపోతుంది, కొవ్వు కాస్త పెరుగుతుంది అంతే.

శనగలు చూడగానే కొందరికి భయం. శనగ వేరు, వేరుశనగ వేరు. రెండూ చిక్కుడు జాతి మొక్కలే, రక్తపరీక్షలో రెండింటికీ పాజిటివ్ రావచ్చు కూడా, కానీ పల్లీ అలర్జీ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది కందిపప్పు, పెసలు, శనగలు ఇబ్బంది లేకుండానే తింటారు. మీరు ఇప్పటిదాకా హాయిగా తింటున్న పప్పుని రక్తపరీక్ష కాగితం చూసి మానేయకండి. ఎన్నడూ తినని సోయా, బఠాణీ ప్రోటీన్ పొడి లాంటివి మాత్రం మీ డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ 61 గ్రాములు ఎవరి వంటింట్లోంచి వస్తున్నాయి? మన దగ్గర పల్లీ కనబడకుండా ఉండే చోట్లు చాలా. టిఫిన్ సెంటర్‌లో తెల్లగా ఉన్న చట్నీ కొబ్బరిదో పుట్నాలదో అనుకుంటాం, అందులో పల్లీలు కలిపే ఉంటారు, కలపకపోయినా పల్లీ చట్నీ తిప్పిన జార్‌లోనే దీన్నీ తిప్పి ఉంటారు. మన కుర్రాడు ఇడ్లీకి చట్నీ లేకుండా సాంబారే పెట్టుకున్నది అందుకే. ప్రోటీన్ కోసమని చికెన్ బిర్యానీ తెచ్చుకుంటే పక్కన వచ్చే మిర్చీ కా సాలన్‌లో పల్లీ ముద్ద ఉంటుంది. వేపుళ్ళ మీద చల్లే పొడి, గుత్తి వంకాయ, పులిహోర సరేసరి. గానుగ పల్లీ నూనెలో ప్రోటీన్ మిగిలే ఉంటుంది, ఆరోగ్యానికి మంచిదని ఎవరెంత చెప్పినా మీకు అది వద్దు.

అందుకే నా పద్ధతి ఇది: మెస్‌ది ఇడ్లీ, సాంబారు, అన్నం, చపాతీ, పప్పు, పెరుగు వరకే, అదీ తాలింపు ఏ నూనెతో వేస్తారో అడిగి. సొంతంగా సమకూర్చుకునే ప్రోటీన్ అంతా మీరే పెంకు తీసింది, మీరే ఉడికించింది, లేదా సీలు విప్పింది అయి ఉండాలి. వేయించిన శనగలు కూడా బట్టీ దగ్గర విడిగా కొనొద్దు, అదే మూకుడులో అదే ఇసుకలో పల్లీలు కూడా వేయిస్తారు.

వే డబ్బా కొనేటప్పుడు ముందువైపు అంకెలు కాదు, వెనకవైపు అలర్జీ లైను చూడాలి. మన దేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పల్లీ కలిసిన ప్యాకెట్ మీద ఆ సంగతి విడిగా రాయాలి. "Contains" తర్వాత peanut ఉంటే సరే, ఎలాగూ వదిలేస్తారు. "May contain" అని ఉంటే అదే యంత్రాల మీద పల్లీ సరుకు కూడా తయారవుతూ ఉండొచ్చన్నమాట, దాన్ని కూడా వదిలేయండి. ప్రతి కొత్త డబ్బాకీ మళ్ళీ చదవాలి, అదే కంపెనీ అదే రుచి అయినా సరే. ఇంత చేసి ఆ పొడిని జిమ్ జ్యూస్ కౌంటర్ మిక్సీలో తిప్పించుకుంటే ప్రయోజనం లేదు, అంతకుముందు అందులో తిరిగింది పీనట్ బటర్ షేకే కావచ్చు. సొంత షేకర్, మూత మీద పేరు రాసుకుని.

జిమ్ చేసేవాళ్ళు మరీ పట్టించుకోవలసినది ఇంకొకటి ఉంది. బ్రిటన్‌లో పల్లీ అలర్జీ ఉన్న పెద్దవాళ్ళ మీద చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వ్యాయామం చేసినప్పుడు, నిద్ర చాలనప్పుడు, మామూలు కంటే దాదాపు సగం మోతాదుకే రియాక్షన్ మొదలైంది. అంటే పోయిన నెల కొంచెం తగిలినా ఏమీ కాలేదు కదా అన్న ధైర్యం, రాత్రంతా మేలుకుని లెగ్ డే చేసిన సాయంత్రానికి పనికిరాదు. కాబట్టి కొత్త ప్రోటీన్ బార్, కొత్త పొడి ఏదైనా లేబుల్ చూశాక కూడా జిమ్ లేని రోజు, మనుషులు పక్కనుండగా మొదలుపెట్టండి.

ఏదైనా తిన్నాక కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు వచ్చినా, గొంతు బిగిసినట్టు, ఆయాసం, వాంతులు, కళ్ళు తిరగడం ఉన్నా వెంటనే గమనించాలి. చెమటకాయలనుకునో, బరువులెత్తిన ఆయాసమనుకునో కూర్చోవద్దు. ఊపిరి, గొంతు, తల తిరుగుడు ఇందులో ఏది వచ్చినా డాక్టర్ ముందే రాసిచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ తొడకి తీసుకుని 108కి ఫోన్ చేయాలి. సెట్రిజిన్ బిళ్ళ దురద తగ్గిస్తుంది, గొంతు మూసుకుపోవడాన్ని ఆపదు. ఇంజెక్షన్ జిమ్ బ్యాగులో ఎక్కడుందో మీ ట్రైనర్‌కి కూడా తెలిసి ఉండాలి.

వచ్చే పాఠం పూర్తి శాకాహారులకి. అప్పటిలోగా మూడు రోజులు మీరు తిన్న ప్రతి ప్రోటీన్ పక్కన రెండు గడులు గీసి నింపండి: ఎన్ని గ్రాములు, ఎవరు వండారు. రెండో గడిలో "తెలీదు" అని వచ్చిన చోట్లనే మొదట మారుద్దాం.