పన్ను తీయడం, ఆరో పాఠం: రక్తం పలుచబడే మాత్రలు ఆపకుండానే

గత పాఠంలో రోగి పూర్వచరిత్ర రాసుకునే పద్ధతి చెప్పి, రక్తం పలుచబడే మాత్రలు వాడేవారి పేరు పక్కన ఎర్రగీత పెట్టమన్నాను. గీత అందరూ పెట్టారు. కాని మీరు పంపిన అభ్యాసాలు చూస్తే, గీత పెట్టిన చేత్తోనే చాలామంది ‘మాత్రలు ఐదు రోజులు ఆపి రండి’ అని కూడా రాసేశారు. అందువల్ల ఈసారి చెప్పవలసిన కుట్ల పాఠాన్ని వాయిదా వేసి, ఆ ఐదు రోజుల సంగతే చూద్దాం.

గుండెలో లోహపు కవాటం అమర్చిన మనిషికి వార్ఫరిన్ గాని, మన దగ్గర ఎక్కువగా రాసే ఎసెనోకుమరాల్ గాని ఇచ్చేది ఆ కవాటం మీద రక్తం గడ్డ కట్టకుండా ఉండటానికి. ఐదు రోజులు ఆపితే మందు ప్రభావం దాదాపు పూర్తిగా పోతుంది. మళ్ళీ మొదలుపెట్టిన రోజే అది తిరిగి రాదు, ఇంకొన్ని రోజులు పడుతుంది. అంటే మీరు రాసిన ఐదు రోజులు రోగికి వారం పైచిలుకు రక్షణ లేని కాలం అవుతుంది. ఆ వ్యవధిలో కవాటం మీద గడ్డ కడితే అది బిగుసుకుపోవచ్చు, లేదా గడ్డ ముక్క విడిపోయి మెదడుకు చేరి పక్షవాతం తేవచ్చు. పన్ను తీసిన గుంటలోంచి కారే రక్తం మన కళ్ళెదుటే ఉంటుంది, వేలు పెట్టి నొక్కవచ్చు, కుట్టు వేయవచ్చు. కవాటం మీది గడ్డను మన కుర్చీ దగ్గర ఎవరూ అందుకోలేరు.

స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడేవారి విషయంలోనూ ఇంతే. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ దాని ఆయుష్షు తీరేదాకా, అంటే వారం పది రోజులు, అలాగే ఉంటుంది కనుక రెండు రోజులు ఆపినందువల్ల రక్తస్రావం తగ్గేది స్వల్పం. ఐదారు రోజులు ఆపితే స్టెంటు మూసుకుపోయే ప్రమాదం మాత్రం నిజంగానే ఉంది. మాత్ర ఆపాలన్నా, మోతాదు మార్చాలన్నా అది రాసిన వైద్యుడే చెప్పాలి. మనమూ కాదు, రోగి కొడుకూ కాదు. రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మందుల లెక్క వేరు, వాటికి విడిగా ఒక పాఠం కేటాయిస్తాను.

ఇక నాకు బాగా చిరాకు తెప్పించే విషయం: బీటీ, సీటీ. విశాఖలో ఏ వీధి ల్యాబుకు వెళ్ళినా పన్ను తీయించుకునేవారు అనగానే ఈ రెండు పరీక్షలే చేసి ‘నార్మల్’ అని కాగితం చేతిలో పెడతారు. మనమే రాసి పంపుతున్నాం కనుక ల్యాబు వాళ్ళను అనడానికీ లేదు. బీటీ అంటే సూదితో పొడిచిన చోట రక్తం ఆగడానికి పట్టే సమయం. ఆ చిన్న గాయాన్ని మూసేవి ప్లేట్‌లెట్లు. వార్ఫరిన్ జాతి మందులు ప్లేట్‌లెట్లను తాకవు. కాలేయంలో విటమిన్ ‘కె’ సాయంతో తయారయ్యే రెండు, ఏడు, తొమ్మిది, పది సంఖ్యల గడ్డకట్టే కారకాలను తగ్గిస్తాయి. కాబట్టి బీటీ ఎంత బాగున్నా అది వేరే ప్రశ్నకు జవాబు. సీటీ అంటే బయటకు తీసిన రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం. అది చాలా మోటు పరీక్ష, కారకాలు బాగా అడుగంటితే తప్ప అందులో తేడా కనిపించదు. ఆస్పిరిన్ వాడేవారిలోనైనా బీటీని చూసి పన్ను తీశాక ఎంత రక్తం పోతుందో చెప్పలేం. వార్ఫరిన్, ఎసెనోకుమరాల్ వాడేవారికి కావలసింది ఐఎన్‌ఆర్ ఒక్కటే. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని మామూలుతో పోల్చి చెప్పే సంఖ్య అది; ఎంత పెరిగితే గడ్డకట్టడం అంత ఆలస్యం. పన్ను తీయడానికి ముందు 24 గంటల లోపు చేయించినది ఉండాలి. ఎప్పుడూ నిలకడగా ఉండే రోగి అయితే 72 గంటల లోపుది సరిపోతుంది. అది 4 కన్నా తక్కువ ఉంటే మాత్ర ఆపకుండానే మామూలు పన్ను తీయవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. భీమిలి నుంచి వచ్చిన యాభై ఏళ్ళ ఆవిడ. మైట్రల్ స్థానంలో లోహపు కవాటం, రోజూ ఎసెనోకుమరాల్. కింది దవడలో కుడివైపు మొదటి చర్వణక దంతం పుచ్చి, బుగ్గ వాచింది. వెంట వచ్చిన కొడుకు, ‘గుండె మాత్ర ఆపేసి తీసుకురమ్మంటారా సార్?’ అని అడిగాడు. చేతిలో బీటీ రెండు నిమిషాలు, సీటీ ఐదు నిమిషాలు అన్న కాగితం ఉంది. అదే రోజు చేయించిన ఐఎన్‌ఆర్ 4.8 వచ్చింది. ఇలాంటి కవాటానికి ఉండవలసినది సాధారణంగా 2.5 నుంచి 3.5. ఎందుకు పెరిగిందని ఆరా తీస్తే, వాపుకు మందుల షాపులో అడిగి నాలుగు రోజులుగా మెట్రోనిడజోల్ వేసుకుంటున్నారని తేలింది. ఆ మందు వార్ఫరిన్ జాతి మందులు శరీరంలో కరిగిపోకుండా అడ్డుకుంటుంది.

ఆ రోజు పన్ను తీయలేదు. పన్నులో రంధ్రం చేసి చీము వదిలేలా చేస్తే నొప్పి తగ్గింది. మెట్రోనిడజోల్ మాన్పించి, ఆవిడ గుండె డాక్టరుకు ఫోను చేసి ఐఎన్‌ఆర్ చెబితే, మోతాదు ఎలా సవరించాలో, మళ్ళీ ఎప్పుడు పరీక్షించాలో ఆయనే చెప్పారు. మూడో రోజుకు 3.1 వచ్చింది. మరునాడు ఉదయమే పిలిచాను. ఏదైనా తేడా వస్తే పగలంతా మన చేతిలో ఉంటుంది కనుక ఇలాంటివారిని సాయంత్రం ఓపీలో పెట్టుకోవద్దు, శనివారం అసలు వద్దు. కృత్రిమ కవాటం కనుక గంట ముందు అమాక్సిసిలిన్ రెండు గ్రాములు; దీని గురించి మళ్ళీ చెప్పనక్కర్లేదు.

కింది దవడకు బ్లాక్ ఇంజెక్షన్ ఇస్తే లోపల రక్తం గూడుకట్టే అవకాశం ఉంది కనుక, నేను ఆర్టికైన్‌ను బుగ్గవైపు ఇచ్చి పన్ను చుట్టూ కొద్దిగా చేరుస్తాను. బ్లాక్ తప్పనిసరైతే పిస్టన్ వెనక్కి లాగి చూసి నెమ్మదిగా ఇవ్వండి. వేర్లు విడదీసి ఒక్కొక్కటిగా తీశాను. గుంటలో మిగిలిన మెత్తటి కండను గీకి శుభ్రం చేయడం ముఖ్యం, ఎందుకంటే తరువాత రక్తం ఎక్కువగా కారేది దానిలోంచే. జెలటిన్ స్పాంజి పెట్టి, అంచులు దగ్గరకు లాగి కుట్టి, ట్రానెక్సమిక్ ఆమ్లంలో తడిపిన గాజ్‌ను అరగంట కొరికి పట్టుకోమన్నాను. అరగంట అయ్యాక నేనే తీసి చూశాను. ఆ మందు 500 మిల్లీగ్రాముల మాత్రను పది మిల్లీలీటర్ల నీటిలో కలిపి, రెండు రోజుల పాటు రోజుకు నాలుగుసార్లు, రెండు నిమిషాలు నోట్లో ఉంచి ఉమ్మేయమన్నాను. పుక్కిలించకూడదు. నొప్పికి పారాసెటమాల్ మాత్రమే; డైక్లోఫెనాక్ మాత్రగానూ వద్దు, పిరుదు మీద సూదిగానూ వద్దు.

ఉమ్ములో గులాబీ రంగు ఒకరోజు ఉంటుంది, అది రక్తస్రావం కాదు. గుంట మీద కాలేయం ముక్కలా ముదురు ఎరుపు గడ్డ మెత్తగా ఉబ్బి, దాని అంచుల్లోంచి రక్తం ఊరుతుంటే మాత్రం జాగ్రత్తపడాలి. చాలామంది ‘గడ్డ కట్టింది కదా’ అని దాన్ని ముట్టుకోరు. అది నిలిచే గడ్డ కాదు; తీసేసి, కడిగి, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో చూసి, మళ్ళీ కుట్టి, ఇరవై నిమిషాలు నొక్కి పట్టాలి. అప్పటికీ ఆగకపోతే గాజ్‌ను నొక్కి ఉంచుతూనే ఆస్పత్రికి పంపండి, ఐఎన్‌ఆర్ మళ్ళీ చేయించమని కాగితం మీద రాసి మరీ పంపండి.

అభ్యాసం: మీ దగ్గరకు వచ్చే రోగుల్లో రక్తం పలుచబడే మాత్రలు వాడే ముగ్గురి చీటీలు తీసుకుని, ముగ్గురి వైద్యులకూ ఉత్తరాలు రాయండి. ‘మాత్రలు ఆపవచ్చా?’ అన్న ప్రశ్న అందులో ఉండకూడదు. ఏ పన్ను, ఎన్ని వేర్లు, మీరు రాయబోయే మందులు, రక్తం ఆపడానికి మీ దగ్గర ఉన్న సామగ్రి, ఐఎన్‌ఆర్ వర్తిస్తే అది ఏ తేదీది అన్నవి మాత్రం ఉండాలి. మెట్రోనిడజోల్ రాసిన ఉత్తరాలను చదవకుండానే తిప్పి పంపుతాను.