ప్రాక్టికల్ రికార్డు సంతకానికి పెట్టే ముందు: తీగ వ్యాసార్థంతో జాగ్రత్త

ప్రాక్టికల్ పరీక్షల ముందు రికార్డులు దిద్దుతుంటే రెండు పుస్తకాలు పక్కపక్కనే కనిపించాయి. ఇద్దరు విద్యార్థులు ఒకే బల్ల దగ్గర, ఒకే ఇత్తడి తీగతో విమోటన లోలకం ప్రయోగం చేశారు. రీడింగులు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అయినా తీగ దృఢతా గుణకం ఒకరికి 3.41×10¹⁰ న్యూటన్/చదరపు మీటరు, మరొకరికి 3.80×10¹⁰. అంటే 11 శాతం తేడా. కొలతల్లో తప్పు లేదు, సూత్రంలో తప్పు లేదు. ఇద్దరూ సార్థక సంఖ్యల నియమాన్ని శ్రద్ధగా పాటించారు. కాకపోతే పాటించకూడని చోట పాటించారు.

రికార్డులో పట్టిక గీయడం, పటం వేయడం మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను చెప్పేది లెక్క గురించి, అందులోనూ ముఖ్యంగా ఈ ఒక్క తప్పు గురించి.

వ్యాసార్థం దగ్గర ఏం జరుగుతుంది

సూత్రం అందరికీ తెలిసిందే:

```
n = 8πIL / (a⁴T²)
```

ఇందులో I బిళ్ల జడత్వ భ్రామకం, L తీగ పొడవు, T ఆవర్తన కాలం, a తీగ వ్యాసార్థం. ఆ ఇద్దరి రీడింగులు ఇవి: బిళ్ల ద్రవ్యరాశి 1.000 కిలో, వ్యాసం 12.00 సెం.మీ., తీగ పొడవు 50.0 సెం.మీ., 20 డోలనాలకు 119.0 సెకన్లు, స్క్రూగేజితో తీగ వ్యాసం 0.73 మి.మీ.

వ్యాసాన్ని రెండుతో భాగిస్తే 0.365 వస్తుంది. ‘వ్యాసంలో రెండే సార్థక అంకెలున్నాయి కాబట్టి వ్యాసార్థంలోనూ రెండే ఉండాలి’ అనుకుని ఒకరు దాన్ని 0.37 చేశారు. రెండోవారు పాఠ్యపుస్తకంలోని నియమాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. తీసేసే అంకె 5 అయినప్పుడు ముందున్న అంకె సరిసంఖ్య అయితే దాన్ని అలాగే ఉంచాలి కదా, అందుకని 0.36 రాశారు. రెండూ నియమం ప్రకారం సరిగ్గానే కనిపిస్తాయి. కానీ వ్యాసార్థం సూత్రంలో నాలుగో ఘాతంలో ఉంది. అక్కడ ఒకటిన్నర శాతం కూడా లేని మార్పు ఫలితానికి చేరేసరికి ఐదు శాతం దాటుతుంది. 0.365ను కదపకుండా లెక్క వేస్తే వచ్చేది 3.60×10¹⁰. ఒకరు దానికి కిందికి జారారు, ఒకరు పైకి ఎగిరారు.

కాబట్టి మధ్యలో కుదించవద్దు. కుదింపు ఒక్కసారే, అదీ చివరి జవాబు దగ్గరే. దారిలో ఒకటి రెండు అంకెలు ఎక్కువ ఉంచుకుంటే నష్టమేమీ లేదు. భాగించిన ‘రెండు’ కొలిచి తెచ్చింది కాదు, ఖచ్చితమైన సంఖ్య. దానివల్ల అనిశ్చితి కొత్తగా పుట్టదు.

మరి చివర ఎన్ని అంకెలు?

కాలిక్యులేటరు 3.599788468×10¹⁰ అని చూపిస్తుంది. దాన్ని అలాగే దించేవారూ ఉన్నారు. ఎన్ని అంకెలు ఉంచాలో తేల్చేది దోషాల లెక్క. ముందు అది వేయండి, తర్వాతే జవాబు రాయండి.

స్క్రూగేజి కనీసపు కొలత 0.01 మి.మీ. దాన్ని 0.73తో పోలిస్తే 1.4 శాతం. నాలుగో ఘాతం కాబట్టి నాలుగుతో గుణిస్తే 5.5 శాతం. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూ ఇటూ అయిందనుకుందాం. 119 సెకన్లలో అది 0.17 శాతం, వర్గం కాబట్టి 0.34. పొడవులో ఒక మిల్లీమీటరుకు 0.2 శాతం. ద్రవ్యరాశిలో ఒక గ్రాముకు 0.1. బిళ్ల వ్యాసంలో 0.01 సెం.మీ. తేడాకు, వర్గంతో కలిపి, 0.17. అన్నీ కూడితే గరిష్ఠ దోషం 6.3 శాతం. వర్గాలు కూడి వర్గమూలం తీసే పద్ధతిలో 5.5. ఏ పద్ధతి వాడినా జవాబు ఒకటే:

```
n = (3.6 ± 0.2) × 10¹⁰ N/m²
```

దోషాన్ని ఒక్క అంకెకు కుదించి, అది దశాంశంలో ఏ స్థానంలో ఆగిందో జవాబును కూడా అక్కడే ఆపాలి. మొత్తం దోషంలో సింహభాగం స్క్రూగేజిదేనని గమనించారా? 20 డోలనాలకు బదులు 50 లెక్కపెట్టి మురిసిపోయేవారు తీగను మాత్రం ఒక్క చోటే కొలుస్తారు! ఆ శ్రద్ధ ఉండాల్సింది తీగ దగ్గర. పొడవునా కనీసం ఐదారు చోట్ల, ప్రతి చోటా లంబంగా రెండు దిశల్లో కొలవండి. రీడింగుల మధ్య తేడా కనీసపు కొలత కంటే ఎక్కువ ఉంటే ఆ తేడానే దోషంగా తీసుకోవాలి. అన్నీ ఒకేలా వచ్చాయని దోషం సున్నా అనవద్దు.

ఇక్కడ ఇంకో గుంట ఉంది. 0.01 అనేది వ్యాసంలో దోషం. దాన్ని వ్యాసార్థంతో భాగిస్తే శాతం రెట్టింపై మొత్తం 11 దాటుతుంది. వ్యాసార్థంలో దోషం 0.005 మాత్రమే.

ప్రమాణాలు

పెద్ద తప్పులు తమంతట తామే బయటపడతాయి. మి.మీ.ను మీటర్లు చేయడం మరిచిపోతే జవాబు 0.036 వస్తుంది, ఎవరికైనా అనుమానం వస్తుంది. 10⁻³ను నాలుగో ఘాతానికి పెంచకపోతే 36 వస్తుంది. వ్యాసార్థం బదులు వ్యాసం వేస్తే పదహారో వంతుకు పడిపోతుంది. భయపడాల్సింది నమ్మదగినట్టు కనిపించే తప్పుకు. లెక్కంతా సెంటీమీటర్లు, గ్రాముల్లో చేసి 3.6×10¹¹ తెచ్చి, పక్కన న్యూటన్/చదరపు మీటరు అని రాస్తారు. అది డైన్/చదరపు సెం.మీ.లో విలువ, పది రెట్లు ఎక్కువ. ఇత్తడి, రాగి, ఉక్కు తీగలన్నిటికీ న్యూటన్లలో జవాబు 10¹⁰ స్థాయిలోనే ఉంటుంది. 10¹¹ దాటితే ఆగండి.

ఇక మిగిలినవి వరుసగా:

- రీడింగులను పట్టికలోనే మీటర్లు, కిలోలు, సెకన్లలోకి మార్చండి. సూత్రంలో వేసేటప్పుడు మార్చవద్దు.
- ప్రతి సంఖ్య పక్కన ప్రమాణం రాయండి. మధ్య మెట్లలో కూడా.
- స్క్రూగేజి శూన్యాంశ దోషం తీసేశారో లేదో చూడండి. +0.03 మి.మీ. దోషాన్ని వదిలేస్తే 0.73 కాస్తా 0.76 అవుతుంది, ఫలితం 15 శాతం తగ్గుతుంది. ఎన్నిసార్లు సగటు తీసినా ఇది పోదు. పైన వేసిన దోషాల లెక్కలోనూ కనిపించదు.
- L/T²ను 0.014 అని రాయవద్దు. ముందున్న సున్నాలు సార్థకం కావు, అక్కడ మిగిలింది రెండు అంకెలే. 0.01412 ఉంచండి.
- ఆవర్తన కాలం 5.95ను 6 చేయవద్దు.
- 50.0 సెం.మీ.ను 50 అని రాయవద్దు. ఆ సున్నా కొలిచి తెచ్చింది.
- πకి 22/7 వద్దు. కాలిక్యులేటరులో π మీట ఉంది.
- పట్టిక విలువతో పోల్చి తీసిన శాతాన్ని దోషాల లెక్కకు బదులు పెట్టవద్దు. ఇత్తడి విలువ మిశ్రమాన్ని బట్టి మారుతుంది.
- పట్టిక విలువకు దగ్గరగా రావాలని రీడింగు దిద్దవద్దు. కొట్టివేత కంటే దిద్దుడే ముందు కనపడుతుంది.
- మళ్లీ చెబుతున్నాను, వ్యాసార్థాన్ని మధ్యలో కుదించవద్దు. 0.365 అంటే 0.365.
- పక్కవారి a⁴ చూసి రాసుకోవద్దు. వారు ఎక్కడ కుదించారో మీకు తెలియదు.