కుట్ల గాయంలో చీము పడితే: మాత్రలు మార్చాలా, కుట్లు విప్పాలా?

మా మేనమామది నాయుడుపేట. అపెండిక్స్ పగిలి చెన్నైలో పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. నేను ఇక్కడే వేరే ఆసుపత్రిలో సర్జరీ వార్డులో నర్సుగా పనిచేస్తాను కాబట్టి, నాలుగో రోజు డిశ్చార్జ్ కాగానే పెరంబూరులోని మా ఇంటికి తీసుకొచ్చాను. ఆరో రోజు రాత్రి మామయ్య మెల్లగా అన్నాడు: "అమ్మాయ్, కుట్టు దగ్గర సలుపుతోందే. నిన్నటికంటే ఎక్కువగా ఉంది."

నాకు అనుమానం వచ్చింది ఆ రెండో మాట దగ్గరే. ఆపరేషన్ నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగిందంటే, పైకి ఏమీ కనపడకపోయినా గాయాన్ని చూసి తీరాలి.

ముందు రోజులు లెక్కపెట్టండి

కుట్ల గాయంలో ఇన్ఫెక్షన్ చాలావరకు నాలుగో రోజు నుంచి పదో రోజు లోపల బయటపడుతుంది. అంటే మనం ఇంటికి చేరాకే. మొదటి రెండు రోజుల్లో వచ్చే జ్వరానికి గాయం కారణం కావడం అరుదు. ఆ రోజుల్లో కుట్ల పక్కన కాస్త ఎరుపు, కొద్దిగా వాపు, పల్చటి రసి మామూలే. అయితే ఆ మొదటి రెండు రోజుల్లోనే భరించలేని నొప్పి, చర్మం నల్లబడటం, బొబ్బలు, మనిషి మత్తుగా అయిపోవడం కనిపిస్తే అది కండను వేగంగా తినేసే ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు ఈ వ్యాసం పక్కన పెట్టి అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లండి. దానికి వెంటనే ఆపరేషన్ థియేటర్, మందులు రెండూ కావాలి.

గాయాన్ని ఎలా చూడాలి?

చేతులు సబ్బుతో కడుక్కుని, మంచి వెలుతురులో చూడండి. మామయ్య కుట్లలో మధ్య రెండింటి దగ్గర చర్మం ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. వేలి వెనకభాగం ఆనిస్తే పక్క చర్మం కంటే వేడిగా తగిలింది. మెల్లగా తాకితే చుట్టూ గట్టిగా ఉండి, నడిమధ్య మాత్రం మెత్తగా దిగబడింది. లోపల చీము నిలిచిందనడానికి నేను ఎక్కువగా నమ్మే గుర్తు ఇదే. చిక్కటి రసి, చెడువాసన వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాశాను. మనిషి రంగు నలుపైతే ఎరుపు సరిగ్గా తెలియదు. అప్పుడు వేడినీ గట్టిదనాన్నీ తడిమి చూసి గీయాలి. తర్వాత జ్వరం, నాడి చూశాను: 100.4, నిమిషానికి 92. గాయాన్ని ఫోటో తీశాను. నొక్కలేదు. నొక్కితే చీము పక్కకు పాకుతుందే తప్ప మొత్తం బయటికి రాదు. పసుపు, పౌడరు కూడా వద్దు.

మాత్రలు మారిస్తే ఎందుకు సరిపోదు?

మా అత్తయ్య మెడికల్ షాపుకు వెళ్లి ఇంకాస్త 'పవర్' ఉన్న యాంటీబయాటిక్ తెద్దామంది. అందరికీ ముందు తట్టే ఆలోచన అదే. కానీ మందు గాయానికి చేరాలంటే రక్తంతోనే చేరాలి. చీము గుంటలో రక్తనాళాలు ఉండవు. చచ్చిన కణాలు, సూక్ష్మజీవులు, పాత రక్తం కలిసిన మడుగు అది. మందు చుట్టూ ఉన్న కండదాకా వెళ్లి ఆగిపోతుంది. లోపలికి చేరిన కాస్తా ఆ పుల్లటి వాతావరణంలో సరిగా పనిచేయదు. ఒక్కోసారి జ్వరం, ఎరుపు రెండు రోజులు తగ్గినట్టే ఉంటాయి, అడుగున చీము మాత్రం అలాగే పెరుగుతుంటుంది. ఆ రెండు రోజులే నష్టం.

పొద్దున్నే ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లాం. ఆయన డ్రెస్సింగ్ రూములోనే మత్తు సూది వేసి మధ్య రెండు కుట్లు తీసేశారు. నాలుగైదు చెంచాల చీము వచ్చింది. అందులోంచి కొంచెం కల్చర్ పరీక్షకు పంపారు. గుంటను సిరంజితో సెలైన్ కొట్టి కడిగారు. వేలితో అడుగు తడిమి, లోపలి గట్టి పొర కుట్టు ఊడలేదని చూసుకున్నారు. పొట్ట ఆపరేషన్లలో ఆ పొరే అసలు గోడ, పైచర్మం విప్పినా పేగులకు దారి పడదు. చివరికి సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డను వదులుగా పెట్టి పంపేశారు.

"డాక్టరుగారూ, మందులు రాయలేదేంటండీ?" అన్నాడు మామయ్య.

"అవసరం లేదండీ, ఇప్పుడు చీము తీసిందే మందు" అన్నారాయన.

మరి యాంటీబయాటిక్ ఎప్పుడు కావాలి?

విప్పి చీము తీసినా సరే, ఎరుపు గాయం అంచు నుంచి 5 సెంటీమీటర్లు, అంటే సుమారు మూడు వేళ్ల వెడల్పు దాటితే, జ్వరం 101.3 దాటితే, నాడి 110 దాటితే సర్జన్లు యాంటీబయాటిక్ కూడా కలుపుతారు. షుగరు అదుపులో లేనివారికి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి ఇంకా ముందే మొదలుపెట్టవచ్చు. చీము గుంట లేకుండా ఎరుపు ఒక్కటే పాకుతుంటే అది వేరు, అక్కడ మందే ముఖ్యం. హెర్నియా మెష్, మోకాలి కీలు లాంటివి లోపల అమర్చినవారు మాత్రం పై లెక్కలేవీ చూసుకోకుండా నేరుగా సర్జన్ దగ్గరికే వెళ్లాలి.

ఎక్కడైనా కుట్లు విప్పేది డాక్టరే. ఇంట్లో బ్లేడుతో విప్పినవాళ్లను వార్డులో చూశాను, అందుకే చెబుతున్నాను.

విప్పిన గాయాన్ని చూసుకోవడం

తెరిచిన గాయాన్ని వెంటనే మళ్లీ కుట్టరు. అడుగు నుంచి పైకి పూడాలి. పైచర్మం ముందే మూసుకుంటే కింద మళ్లీ చీము గూడు కడుతుంది. గుంటలో పెట్టే గాజ్ దానికే: నోరు తెరిచి ఉంచడానికి, రసిని పీల్చడానికి. అందుకే కుక్కి పెట్టకూడదు. ఒకే పొడవాటి ముక్క పెట్టి, కొస బయటికి వదలాలి. చిన్న ముక్కలు పెడితే ఒకటి లోపలే మర్చిపోతాం. మామయ్యకు మొదటి నాలుగు రోజులు రెండు పూటలా, తర్వాత రోజుకొకసారి మార్చాను. వారానికల్లా అడుగున దానిమ్మ గింజల్లా ఎర్రటి కొత్త కండ కనిపించింది. పూర్తిగా పూడటానికి నాలుగు వారాలు పట్టింది.

పప్పు తింటే చీము పడుతుందని అత్తయ్య పదిహేను రోజులు ఒట్టి చారన్నమే పెట్టాలని చూసింది. కండ పెరగడానికి కావాల్సిందే పప్పూ గుడ్డూ అని రోజూ ఆమెతో పోట్లాడాల్సి వచ్చింది.

విప్పిన మర్నాటికి సలుపు తగ్గాలి, ఎరుపు ఆ పెన్ను గీత నుంచి లోపలికి తగ్గాలి. రెండు రోజులైనా తగ్గకపోతే లోపల ఇంకో గుంట మిగిలి ఉండొచ్చు, మళ్లీ చూపించాలి. పొట్ట గాయం నుంచి ఉన్నట్టుండి గులాబీ రంగు నీళ్లు బుడబుడా కారితే అది చీము కాదు, లోపలి గోడ కుట్టు ఊడుతోందని. శుభ్రమైన తడిగుడ్డ కప్పి, మనిషిని పడుకోబెట్టి, నోటికి ఏమీ ఇవ్వకుండా 108కి ఫోన్ చేయండి.