ఎడమకు చకచకా తిరిగే కారు కుడికి మాత్రం ఎందుకు బద్ధకిస్తుంది?

లక్షణం ఎప్పుడూ ఒకటే. చిన్న అటానమస్ కారు, 1/10 సైజు ఛాసీ, నేరుగా బాగానే పోతుంది, ఎడమ మలుపు సరిగ్గా వస్తుంది, కుడి మలుపులో మాత్రం లైన్ దాటి బయటికి పోతుంది. వెంటనే అందరూ కంట్రోలర్ గెయిన్లు కెలుకుతారు. దయచేసి ఆగండి, ముందు కొలిచే టేపు చేతికి తీసుకోండి.

ముందు చక్రాలను తిప్పే సర్వో మోటారుని ఒక వైపు చివరి దాకా తిప్పి, నున్నటి గచ్చు మీద నెమ్మదిగా ఒక చుట్టు వేయించి వ్యాసం కొలవండి. రెండో వైపూ అంతే. కొలిచేది వెనక ఇరుసు మధ్య బిందువు గీసే వృత్తం, ముందు బయటి చక్రం గీసేది కాదు. ఈ పొరపాటు ఎంతమంది చేస్తారో లెక్కలేదు. వీల్‌బేస్ L 260 మి.మీ., స్టీరింగ్ కోణం δ 25 డిగ్రీలు అనుకుంటే `R = L / tan(δ)` ప్రకారం వెనక ఇరుసు దగ్గర వ్యాసార్ధం 558 మి.మీ. వస్తుంది. అదే ముందు బయటి చక్రం దగ్గర దాదాపు 690. ఫార్ములా ఒకటి చెప్తుంటే టేపు ఇంకోటి చెప్తోందని రాత్రంతా కూర్చున్నవాళ్ళున్నారు.

రెండు వృత్తాలూ సమానంగా వచ్చి, రెండూ పెద్దగా ఉంటే కారును పైకెత్తి తిప్పి చూడండి. గాల్లో పూర్తిగా తిరిగి నేల మీద తిరగకపోతే సర్వోకి దెబ్బ తగలకుండా కాచే సేవర్ స్ప్రింగ్ మెత్తబడింది, లేదా సర్వోకి బలం చాలడం లేదు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

వృత్తాలు తేడాగా వస్తేనే అసలు కథ. నా కారుకి ఎడమ 98 సెం.మీ., కుడి 116 వచ్చాయి. ముందు చక్రాలు చూస్తే నేరుగా ఉన్నాయి, సర్వోకి మధ్య స్థానం సంకేతమైన 1500 మైక్రోసెకన్ల దగ్గర కారు గీత గీసినట్టు పోతోంది, కాబట్టి లింకేజీ బాగుందనే నమ్మాను. ఒక వారం దాని మీదే పోయింది.

జరిగిందేమిటంటే, సర్వో ఇరుసు పళ్ళ మీద బిగించే చెయ్యి, అంటే హార్న్, ఒక పన్ను పక్కన కూర్చుంది. 25 పళ్ళ స్ప్లైన్‌లో ఒక పన్ను అంటే 14.4 డిగ్రీలు. చక్రాలు వంకరగా కనిపించాయని, హార్న్‌ని చక్రాల వైపు కలిపే కడ్డీ డ్రాగ్ లింక్ పొడవు మార్చి నేరుగా చేశాను. దాంతో తప్పు కంటికి కనపడకుండా పోయింది అంతే, అసలు తప్పు పోలేదు! హార్న్ కుడికి వాలి ఉన్న చోటినుంచి రెండు వైపులా 30 డిగ్రీలు తిరుగుతుంది కదా. 20 మి.మీ. హార్న్ లింక్‌ని ఎడమకు 10.4 మి.మీ. లాగుతుంది, కుడికి 9 మి.మీ. మాత్రమే నెడుతుంది, ఎందుకంటే కదలిక కోణంతో కాదు, సైన్‌తో పోతుంది. లింక్ కదలికతో చక్రాన్ని తిప్పే నకుల్ ఆర్మ్ 22 మి.మీ. అయితే చక్రం ఎడమకు 28 డిగ్రీలు, కుడికి 24. ఆ నాలుగు డిగ్రీలే వ్యాసంలో 18 సెం.మీ. అయి కూర్చున్నాయి.

సరిచేయడానికి డ్రాగ్ లింక్ విప్పేయండి. సర్వోకి 1500 పంపి, పవర్ ఆపకుండా హార్న్ పెట్టండి. హార్న్‌కీ లింక్ ఉండబోయే దిశకీ మధ్య 90 డిగ్రీలు ఉండాలి, మూలమట్టం పెట్టి చూడండి, కంటిని నమ్మొద్దు. పన్ను దగ్గర కుదరకపోతే నాలుగు చేతుల హార్న్ వాడండి. 25ని నాలుగుతో భాగిస్తే శేషం వస్తుంది కనుక ఒక్కో చెయ్యి 3.6 డిగ్రీల తేడాతో కూర్చుంటుంది, నాలుగింటిలో ఒకటి 1.8 డిగ్రీల లోపే వస్తుంది. మిగతా చేతులు కోసేయండి. ఇప్పుడు లింక్ పొడవు సరిచేసి చక్రాలు నేరుగా తెచ్చుకోండి, ఆ మిగిలిన కొంచెం మాత్రమే సాఫ్ట్‌వేర్ ట్రిమ్‌కి వదలండి. పన్ను కుదరక మిగిలిన 6, 7 డిగ్రీలూ ట్రిమ్‌లో దాచేస్తే హార్న్ నిటారుగానే ఉంటుంది కానీ, కోడ్‌లో 1100, 1900 లాంటి హద్దులుంటే ఒక వైపు ముందే ఆగిపోతుంది, మళ్ళీ అదే రోగం.

యాకర్‌మన్ సంగతి? లోపలి చక్రం ఎక్కువ తిరగాలి. ఇదే ఛాసీకి, ముందు చక్రాలు తిరిగే పిన్‌ల మధ్య 160 మి.మీ. అనుకుంటే, 25 డిగ్రీల మలుపులో లోపలిది 28.5, బయటిది 22.2. తిప్పి చూస్తే బయటి చక్రమే ఎక్కువ తిరుగుతుంటే నకుల్స్ ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించారు. మార్చేయండి. నకుల్ వంగడం, బేరింగ్ అరగడం లాంటివి ఉంటాయి కానీ నాకు ఒకటి రెండుసార్లకు మించి తగల్లేదు.

హార్న్ సరిచేశాక నా కారుకి ఎడమ 106, కుడి 107.