అనంత గుణశ్రేఢి మొత్తం ఎలా కట్టాలి? సూత్రం రాసేముందు ఆగాల్సిన చోటు

విశాఖలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతూ ఏళ్లు గడిచాయి. ఈ లెక్క కనబడగానే ప్రతి బ్యాచ్‌లోనూ సగం మంది a/(1 − r) అని రాసేస్తారు. జవాబు కుదిరినప్పుడు కూడా అది ఎందుకు కుదిరిందో వాళ్లకు తెలియదు.

కావలసినవి గళ్ల కాగితం, పెన్సిల్. పెన్ను వద్దు. సీతమ్మధారలో మా మేడ మీద పిల్లలతో చేయించే లెక్కనే ఇక్కడ తీసుకుందాం. రబ్బరు బంతిని 90 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గచ్చు మీదికి వదిలాం. పడ్డ ప్రతిసారీ ముందు ఎత్తులో మూడింట రెండు వంతులు లేస్తుందనుకోండి. అసలు బంతి కాసేపటికి ఆగిపోతుంది గానీ, లెక్కలో ఆగదు. లేచే ఎత్తులు 60, 40, 26.67... ఇలా సాగుతాయి. వీటి మొత్తం కావాలి.

మొదట a, r రాయండి. a = 60, r = 2/3. రెండో పదాన్ని మొదటి పదంతో భాగిస్తే r వస్తుంది, తిరగేసి భాగించకండి.

తర్వాత పాక్షిక మొత్తాలు నిలువుగా రాయండి. ఒక పదం వరకు 60, రెండు వరకు 100, మూడు వరకు 126.67, నాలుగు వరకు 144.44. పది పదాలకు 176.88. కనీసం నాలుగు వరుసలు చేత్తో వేయాల్సిందే, ఇది నా దగ్గర నియమం. వీటన్నిటికీ కలిపి ఒకే రూపం ఉంది:

```
S_n = a(1 − r^n)/(1 − r),  r ≠ 1
```

మన లెక్కలో ఇది 180(1 − (2/3)^n).

ఇక అసలు మెట్టు. ఇక్కడ తొందర పడకండి. అనంతంగా ఉన్న పదాలను ఎవరూ కూడలేరు. అందుకే S_n వరుస ఏదైనా ఒక సంఖ్యకు, మనం ఎంత దగ్గర కోరితే అంత దగ్గరగా చేరి అక్కడే ఉండిపోతే, ఆ సంఖ్యనే మొత్తం అంటాం. సూత్రంలో n తో మారేది r^n ఒక్కటే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న కూడా ఒక్కటే: r^n ఎక్కడికి పోతోంది?

మన బంతికి S_n ఎప్పుడూ 180 కంటే తక్కువే. తేడా 180 × (2/3)^n. ఒక సెంటీమీటరు లోపు కావాలంటే? పన్నెండో పదం దగ్గర తేడా 1.39, పదమూడో పదం దగ్గర 0.92. అక్కడి నుంచి ఎప్పుడూ సెంటీమీటరు దాటదు. మిల్లీమీటరు అడిగితే ఇంకా ముందుకు వెళ్లాలి, అంతే. (3/2)^n అనేది 1 + n/2 కంటే తక్కువ కాదు కనుక (2/3)^n అనేది 2/(n + 2) ని దాటదు. అందువల్ల అది సున్నాకు చేరక తప్పదు. అవధి 180. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన విలువ.

పట్టిక ఒక్కదాన్నే నమ్మకండి. a = 1 తీసుకుని r = 0.99 పెడితే పది పదాల మొత్తం 9.56, r = 1.01 పెడితే 10.46. పది వరుసల్లో రెండూ ఒకేలా నడుస్తున్నట్టు కనిపిస్తాయి. కానీ మొదటిది 100 కు చేరుతుంది, రెండోదానికి హద్దే లేదు. తేల్చేది r^n మాత్రమే. అది సున్నాకు చేరితే, అంటే r విలువ −1 కి, 1 కి మధ్య ఉంటే, మొత్తం a/(1 − r).

చాలామంది S = a + rS అని రాయించి రెండు వరుసల్లో ముగిస్తారు. నేను రాయనివ్వను. అందులో S అనే సంఖ్య ఉందని ముందే ఒప్పేసుకున్నాం. అదే పద్ధతిలో 1 + 2 + 4 + 8 + ... కి S = 1 + 2S, అంటే S = −1 వస్తుంది. పాక్షిక మొత్తాలేమో 1, 3, 7, 15. అన్నీ ధన సంఖ్యలే, పైకి పోతూనే ఉన్నాయి. ఓ పిల్లవాడు వేరే చోట నేర్చుకుని ఈ −1 కి రెండు గీతలు గీసి చూపించాడు. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.

|r| < 1 కాకపోతే శ్రేణి అపసరిస్తుంది, అంటే దానికి మొత్తం ఉండదు. r = 1 అయితే పై సూత్రమే పనికిరాదు. మొత్తం na, అది పెరుగుతూనే పోతుంది. a = 1, r = −2 అయితే పాక్షిక మొత్తాలు 1, −1, 3, −5, 11 అంటూ ఊపు పెంచుకుంటూ అటూ ఇటూ దూకుతాయి. పిల్లలు ఎక్కువగా తడబడేది r = −1 దగ్గర. 1 − 1 + 1 − 1 + ... లో ఏదీ పెద్దదవదు కదా, అభిసరిస్తుందంటారు. పాక్షిక మొత్తాలు 1, 0, 1, 0. సూత్రం ఇచ్చే 1/2 కి అవి ఎన్నడూ దగ్గర పడవు, తేడా ఎప్పుడూ సగమే. 1703 లో ఇటలీకి చెందిన గ్రాండీ కూడా ఈ సగం దగ్గరే చిక్కుకున్నాడు. పాక్షిక మొత్తాల అవధినే మొత్తం అన్నప్పుడు దీనికి మొత్తం లేదు. జవాబులో "అపసరిస్తుంది" అని రాసి ఆపండి.

బంతి తిరిగిన మొత్తం దూరం అడిగితే, లేచిన ప్రతి ఎత్తూ మళ్లీ దిగాలి కనుక 180 ని రెట్టింపు చేయండి. మొదట వదిలిన 90 ఒక్కసారే వస్తుంది. మొత్తం 450 సెంటీమీటర్లు.