పేర్చిన ఇంగ్లీషు నామవాచకాలు తెలుగులో చిక్కుపడితే

లక్షణం: వ్యాకరణం సరిగానే ఉంది, కానీ విశేషణం తప్పు మాటకు అంటుకుంది.

కంప్యూటర్ పరిశోధన పత్రాలను తెలుగు చేసేటప్పుడు ఈ చిక్కు ఎదురవుతుంది. 1999లో మిగ్వెల్ కాస్ట్రో, బార్బరా లిస్కోవ్ రాసిన పరిశోధన పత్రం పేరు ‘ప్రాక్టికల్ బైజాంటైన్ ఫాల్ట్ టాలరెన్స్’. నేను దాన్ని ‘ఆచరణాత్మక బైజాంటైన్ దోష సహనం’ అని రాసుకున్నాను. కడపలో మా వీధిలో ఉండే తెలుగు సార్‌కు చూపిస్తే ఒకటే అడిగారు: “ఇందులో ఆచరణాత్మకమైనది ఏమిటప్పా, దోషమా, సహనమా?”

కారణం: మాటలను వచ్చిన వరుసలోనే దించేశాను. ‘పాత బియ్యం సంచి’ అంటే పాతది బియ్యమో సంచో తెలియదు. బియ్యం కొట్టులో వింటే ఒకటి, గోనెసంచుల వ్యాపారి దగ్గర వింటే ఇంకొకటి. ఇంగ్లీషు పత్రం చదివేవారికి ఆ కొట్టు ముందే తెలుసు. మన పాఠకుడికి తెలియదు.

పరిష్కారం: చివరి మాటను ముందు పట్టుకోండి, విశేషణాన్ని దాని పక్కకు జరపండి. ‘బైజాంటైన్ దోషాలను తట్టుకునే ఆచరణ సాధ్యమైన పద్ధతి’. ‘పద్ధతి’ మూలంలో లేదు, నేను చేర్చాను. అది లేకపోతే విశేషణానికి నిలబడే చోటు దొరకదు.

లక్షణం: ‘క్రాష్ రికవరీ’ని ‘క్రాష్‌ను తిరిగి పొందడం’ అని రాశారు.

నవ్వుకుంటాం కానీ ఈ తప్పు తరచుగా జరుగుతుంది. ‘డేటా రికవరీ’ అంటే పోయిన డేటాను తిరిగి పొందడం. ‘క్రాష్ రికవరీ’ అంటే క్రాష్ నుంచి కోలుకోవడం. రెండూ ఒకే అచ్చులో ఉంటాయి. విభక్తి మాత్రం దాగి ఉంటుంది.

మనకు బడిలో నేర్పిన విగ్రహవాక్యం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. ‘దొంగ భయం’ అంటే దొంగ వలన భయం అని విడదీసినట్లే, ప్రతి రెండు మాటల మధ్యా ను, కు, తో, నుంచి, లో అన్నవాటిలో ఏది సరిపోతుందో పెట్టి చూడండి. ‘యొక్క’తో సరిపెట్టుకుంటే విడదీసినట్లు కాదు, చిక్కును వాయిదా వేసినట్లే. నా చిత్తుప్రతిలో ఒకే వాక్యంలో రెండు ‘యొక్క’లు కనిపిస్తే మూలానికి తిరిగి వెళ్తాను.

లక్షణం: వరుస మరీ పొడవు, ఎక్కడ విరవాలో తెలియడం లేదు.

ఉదాహరణకు ‘లో లేటెన్సీ బైజాంటైన్ ఫాల్ట్ టాలరెంట్ స్టేట్ మెషిన్ రెప్లికేషన్ ప్రోటోకాల్’. చివరి మాట ప్రోటోకాల్, అంటే ఇదొక ప్రోటోకాల్. వెనక్కి నడవండి. దేని కోసం? రెప్లికేషన్ కోసం. దేన్ని? స్టేట్ మెషిన్‌ను. ఇక్కడ ఆగాలి. స్టేట్, మెషిన్ రెండూ కలిసి ఒకే పారిభాషిక పదం, విడదీస్తే ‘రాష్ట్ర యంత్రం’ దాకా పోయే ప్రమాదం ఉంది. తర్వాత, దేన్ని తట్టుకుంటుంది? బైజాంటైన్ దోషాలను. కంప్యూటర్ ఆగిపోవడమే కాదు, ఒకరికి ఒక మాట, ఇంకొకరికి ఇంకో మాట చెప్పడం కూడా ఈ దోషాల్లోకి వస్తుంది. కాబట్టి బైజాంటైన్ అన్నది దోషానికే చెందుతుంది. చివరగా, ఆలస్యం తక్కువగా ఉండేది దేనికి? ప్రోటోకాల్‌కే.

విరుపులు సరిగా పడ్డాయో లేదో తెలుసుకోవడానికి అదే పత్రంలోని సంక్షిప్త రూపాలు చూడండి. ఎస్‌ఎంఆర్ అని ఒకటి, బీఎఫ్‌టీ అని ఒకటి కనిపిస్తే రచయితలే ముడులు చూపించినట్లు. పీఠికలో అదే విషయాన్ని క్రియలతో విడమరచి చెప్పిన వాక్యం కూడా తరచుగా దొరుకుతుంది.

ఇప్పుడు తెలుగు: ‘ఇది ఒకే స్టేట్ మెషిన్ ప్రతులను పలు సర్వర్లలో ఒకే తీరుగా నడిపించే ప్రోటోకాల్. కొన్ని సర్వర్లలో బైజాంటైన్ దోషాలు తలెత్తినా తట్టుకుంటుంది, ఆలస్యం కూడా తక్కువ.’ ‘కొన్ని’ అనడం ఊరికే కాదు. కాస్ట్రో, లిస్కోవ్‌ల పద్ధతిలో f సర్వర్లలో దోషాలు తలెత్తినా తట్టుకోవాలంటే కనీసం 3f + 1 సర్వర్లు కావాలి. అంటే నాలుగు సర్వర్లుంటే ఒక్కదానిలో వచ్చిన దోషాన్నే తట్టుకుంటుంది. విడదీసే ఊపులో ‘ఎన్ని సర్వర్లలో దోషాలు వచ్చినా’ అని రాస్తే మూలంలో లేని హామీ ఇచ్చినట్లవుతుంది.

ఇలా విప్పడం మొదటి ప్రస్తావనలో ఒక్కసారే. తర్వాత ‘ఈ ప్రోటోకాల్’ చాలు. ‘వర్చువల్ మెమరీ’ లాంటి స్థిరపడ్డ పేర్లను అసలు విప్పకండి.

లక్షణం: ఎలా విడదీసినా రెండు అర్థాలు వస్తున్నాయి.

‘పారలల్ ప్రోగ్రామ్ వెరిఫికేషన్’ అలాంటిది. సమాంతరంగా నడిచే ప్రోగ్రామ్‌ను సరిచూడడమా, ప్రోగ్రామ్‌ను సమాంతరంగా సరిచూడడమా? వ్యాకరణం తేల్చదు, ప్రయోగాల విభాగానికి వెళ్లండి. ప్రాసెసర్ కోర్లు పెంచుతూ సరిచూడడానికి పట్టిన సమయం కొలిచి ఉంటే బహుశా రెండోది. లాకులు, రేస్ కండిషన్ల గురించి మాట్లాడుతుంటే బహుశా మొదటిది. రెండూ ఉన్న పత్రం ఎదురైనప్పుడు నేను ఒక అర్థాన్ని ఎంచుకోలేదు. ఆ పేరును తెలుగు లిపిలో అలాగే ఉంచి, రెండు రకాలుగానూ చదవవచ్చని ఒక వాక్యం చేర్చాను. తెలుగు సార్‌కు అది నచ్చలేదు.